నాన్న రెండో పెళ్లి పిల్లలం మేము, అమ్మ మొదటి పెళ్లి కొడుకు మా అన్నయ్య. ఎవరికి ఏం వస్తుంది?

చిన్నింటి_పిల్ల
మా నాన్న 2022లో పోయారు. వీలునామా లేదు. ఆయనకి మొదటి పెళ్లిలో ఒక కొడుకు, ఒక కూతురు. పెద్దమ్మకీ నాన్నకీ పడక ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. విడాకులు మాత్రం కాలేదు. 1994లో నాన్న మా అమ్మని గుళ్లో పెళ్లి చేసుకున్నారు. అప్పటికే అమ్మ మొదటి భర్త చనిపోయాడు, ఆయన వల్ల పుట్టిన మూడేళ్ల కొడుకు ఉన్నాడు. వాడే మా అన్నయ్య. తర్వాత నేను, తమ్ముడు పుట్టాం.

ఆస్తి ఇదీ. ఊళ్లో 9 ఎకరాలు. 1983లో తాత, నాన్న, బాబాయి పంచుకుని రిజిస్టరు చేయించుకున్న పంపకాల దస్తావేజులో నాన్న వాటాకి వచ్చింది. టౌన్లో ఇల్లు, నాన్న జీతంతో కొన్నది. బ్యాంకులో 12 లక్షల డిపాజిట్, దానికి నామినీ పెద్దమ్మ కొడుకు. నాయనమ్మ ఇంకా ఉంది.

మొన్న ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, "చిన్నింటి పిల్లలకి చట్టంలో చోటు లేదు, అయినా జాలిపడి ఎనిమిది లక్షలు ఇప్పిస్తున్నాం, హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టండి" అన్నారు. అన్నయ్య వైపు చూసి "నీకసలు సంబంధమే లేదు" అన్నారు. చివరి నాలుగేళ్లు నాన్నని ఆస్పత్రుల చుట్టూ తిప్పింది వాడే. వాడి పదో తరగతి సర్టిఫికెట్లో తండ్రి పేరు నాన్నదే. నిజంగా మాకు ఏమీ రాదా?

సర్వేరాయి
ముందు ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టకమ్మా. మిగతాది తర్వాత మాట్లాడదాం.

లా_చదువుతున్నా
2023లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా. రెండో పెళ్లి పిల్లలకి తాతల ఆస్తిలో కూడా సమానంగా ఇవ్వాలని చెప్పింది. అంటే తొమ్మిది ఎకరాలూ నలుగురు పిల్లలకి సమానం. అయిపోయింది.

కోనసీమ_కుర్రాడు
మాదీ ఇదే గొడవ. మా అమ్మ చనిపోయాక నాన్న రెండో పెళ్లి చేసుకున్నారు. ఇప్పుడు నాన్న కూడా లేరు. పిన్ని, ఆవిడ పిల్లలు మొత్తం వాళ్లదే అంటున్నారు. చట్టం రెండో పెళ్లి వాళ్లకే ఎందుకు వత్తాసు పలుకుతుందో నాకు అర్థం కాదు.

నల్లకోటు
కోనసీమ, నీదీ ఈ అమ్మాయిదీ ఒకటి కాదు. మీ నాన్న రెండో పెళ్లి చేసుకునేనాటికి మీ అమ్మ లేదు. కాబట్టి ఆ పెళ్లి పూర్తిగా చెల్లుతుంది. మీ పిన్ని చట్టప్రకారం భార్యే, ఆవిడ పిల్లలూ నువ్వూ ఒకటే మెట్టు. ఆవిడకో వాటా, పిల్లలు ఒక్కొక్కరికీ ఒక్కో వాటా. మొత్తం వాళ్లదే అనడం తప్పు. నీ సంగతి మళ్లీ వస్తా.

చిన్నింటి_పిల్ల విషయంలో మొదటి భార్య బతికుంది, విడాకులు లేవు. హిందూ వివాహ చట్టం ప్రకారం ఆ పెళ్లి చెల్లదు. ఈ మాట వినడానికి బాధగా ఉంటుంది గానీ లెక్క ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. పెళ్లి చెల్లకపోయినా పిల్లలు మాత్రం సక్రమ సంతానమే, అది 16వ సెక్షన్. అయితే అదే సెక్షన్లో మూడో భాగం ఒక గీత గీసింది. వాళ్ల హక్కు తల్లిదండ్రుల ఆస్తి వరకే, ఇంకెవరి ఆస్తిలోనూ కాదు. "చట్టంలో చోటు లేదు" అన్న పెద్దమనుషులదీ తప్పే, "తొమ్మిది ఎకరాలూ సమానం" అన్న మన విద్యార్థిదీ తప్పే.

లా_చదువుతున్నా
సార్, మరి ఆ తీర్పు?

నల్లకోటు
రేవణసిద్దప్ప కేసు, 2023 సెప్టెంబర్ 1, ముగ్గురు జడ్జీల బెంచి. పేపర్లో హెడ్డింగు చదివి వదిలేస్తే నువ్వన్నట్టే అనిపిస్తుంది. లోపల చెప్పింది వేరు. చెల్లని పెళ్లి పిల్లలు పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో భాగస్తులు కారు. తండ్రి బతికుండగా "నా వాటా పంచు" అని అడగలేరు. కానీ తండ్రి పోయినప్పుడు, ఆయన చనిపోయే ముందు క్షణంలో పంపకం జరిగిందనుకుని ఆయనకి ఎంత వచ్చేదో లెక్కకట్టాలి. ఆ వచ్చినది ఆయన సొంతం. దాంట్లో ఈ పిల్లలకీ మిగతా పిల్లలతో సమానంగా వాటా ఉంటుంది. అంతకుముందు 2003లో జినియా కియోటిన్ కేసులో ఉమ్మడి ఆస్తి జోలికే రావద్దన్నారు. ఇప్పుడు తండ్రి భాగం వరకు తలుపు తెరిచారు.

ప్లీడరు_గుమస్తా
నేను వకీలుని కాను, కోర్టు వరండాల్లో ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసినవాణ్ణి. నల్లకోటు గారు చెప్పింది అంకెల్లో పెడతా, అప్పుడు ఆ అమ్మాయికి బోధపడుతుంది.

భూమి రెండు మెట్లలో పంచాలి.

మొదటి మెట్టు. 9 ఎకరాలకి పుట్టుకతో భాగస్తులు ఎవరు? నాన్న, పెద్దమ్మ కొడుకు, పెద్దమ్మ కూతురు. మొత్తం ముగ్గురు. మీరిద్దరూ ఈ మెట్టులో లేరు. మూడు భాగాలు చేస్తే తలా 3 ఎకరాలు.

రెండో మెట్టు. నాన్నకి వచ్చిన ఆ 3 ఎకరాలు ఆయన వారసులకి పంచాలి. ఎవరెవరు? భార్య అంటే పెద్దమ్మ. తల్లి అంటే మీ నాయనమ్మ, ఈవిణ్ణి అందరూ మర్చిపోతారు. పెద్దమ్మ పిల్లలు ఇద్దరు. నువ్వు, మీ తమ్ముడు. మొత్తం ఆరుగురు, ఆరు సమాన వాటాలు. 3 ఎకరాలు ఆరుగురికి అంటే తలా 50 సెంట్లు.

అంటే నీకు 50 సెంట్లు, మీ తమ్ముడికి 50 సెంట్లు. పెద్దమ్మ పిల్లలకి మూడు ప్లస్ అర, తలా మూడున్నర ఎకరాలు. పెద్దమ్మకి అర, నాయనమ్మకి అర. కూడుకుని చూడు, తొమ్మిదికి సరిపోతుంది.

ఇల్లు, డిపాజిట్ నాన్న సొంత సంపాదన. వాటికి మొదటి మెట్టు లేదు. నేరుగా ఆరుగురికి ఆరో వంతు చొప్పున.

చిన్నింటి_పిల్ల
గుమస్తా గారూ, మొదటిసారి ఎవరో కూర్చోబెట్టి చెప్పినట్టు ఉంది. ఊళ్లో ఎకరం ముప్పై లక్షలు పలుకుతోంది. ఇల్లు ఓ అరవై లక్షలు ఉంటుంది.

ప్లీడరు_గుమస్తా
అయితే వేసుకో. భూమిలో నీకు పదిహేను లక్షలు, ఇంట్లో పది, డిపాజిట్లో రెండు. ఒక్కదానికి ఇరవై ఏడు. మీ తమ్ముడిదీ కలిపితే యాభై నాలుగు. వాళ్లు జాలిపడి ఇస్తానన్నది ఇద్దరికీ కలిపి ఎనిమిది.

సర్వేరాయి
జాలి బాగా పొదుపుగా ఉంది 🙂

లా_చదువుతున్నా
గుమస్తా గారూ, మా పుస్తకంలో తండ్రీ కొడుకులు పంచుకుంటే భార్యకి కూడా కొడుకుతో సమానంగా భాగం అని ఉంది. అప్పుడు మొదటి మెట్టులో నలుగురు కావాలి కదా, మూడు కాదు.

నల్లకోటు
పుస్తకంలో ఉన్నది నిజమే, కానీ అది బొంబాయి వైపు, ఉత్తరాది వైపు. మన ద్రావిడ సంప్రదాయంలో పంపకంలో భార్యకి భాగమిచ్చే పద్ధతి ఏనాడో పోయింది. ఆంధ్రా, తెలంగాణ కోర్టుల్లో భార్యని మొదటి మెట్టులో కలపరు, భర్త పోయాక వారసురాలిగా వాటా ఇస్తారు. గుమస్తా గారి లెక్కే సరి.

పెద్దమ్మ కూతురికి ఎప్పుడో పెళ్లయిపోయింది, ఆమెకెందుకు అని ఎవరో ఒకరు అడుగుతారు. 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పుతో ఆ గొడవ తీరింది. కూతురు కూడా పుట్టుకతోనే భాగస్తురాలు, పెళ్లితో సంబంధం లేదు. 2004 డిసెంబర్ 20కి ముందే సక్రమంగా పంపకం అయిపోయి ఉంటే అది కదపరు. ఇక్కడ పిల్లలతో అలాంటి పంపకమేదీ జరిగినట్టు లేదు.

పెద్దింటి_కూతురు
నేను అవతలి వైపు దాన్ని. ఈ అమ్మాయి ఇంట్లో కాదు, మా ఇంట్లో. మా నాన్న కూడా ఇలాగే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మా అమ్మ మిషన్ కుట్టి మమ్మల్ని పెంచింది. స్కూలు ఫీజు కట్టడానికి ఆయన ఒక్కసారి రాలేదు. ఆయన పోయాక వాళ్లు వచ్చి వాటా అడిగితే ఎలా ఉంటుందో మీలో ఎవరైనా ఆలోచించారా? నాలుగేళ్లు సేవ చేశారట. మాకు ఆ నాలుగేళ్లు కూడా దొరకలేదు.

చిన్నింటి_పిల్ల
మీ మాట కాదనను అక్కా. పెద్దమ్మ పడ్డ కష్టం నాకు తెలుసు, నాయనమ్మే చెప్పింది. కానీ నేను పుట్టడం నా చేతిలో లేదు కదా. పెద్దమ్మ వాటాలోంచి నాకేమీ వద్దు.

నల్లకోటు
పెద్దింటి_కూతురు, చట్టం మీ అమ్మకి కూడా కొంత న్యాయం చేసిందనే నేననుకుంటాను. భార్య హోదా ఆమెదే. రెండో ఆమెకి భార్యగా వారసత్వం ఒక్క సెంటు కూడా రాదు. ఈ కేసులో కూడా చిన్నింటి_పిల్ల వాళ్లమ్మకి భర్త ఆస్తిలో ఏమీ లేదు. ఆ ఆరుగురిలో ఆమె లేదు, గమనించారా?

అమ్మాజీ
అయ్యో, మరి ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి పరిస్థితి? ఆమెకి ఇంట్లోంచి పొమ్మంటే?

నల్లకోటు
పిల్లలిద్దరికీ ఇంట్లో మూడో వంతు ఉంది, వాళ్లతో ఉంటుంది. ఆమె పేర వారసత్వ హక్కు మాత్రం లేదు. ఇది నాకూ నచ్చదు, కానీ చట్టం అంతే.

రఫీ_కర్నూలు
మాలో ఈ చెల్లని పెళ్లి గొడవ ఉండదు. రెండో భార్య కూడా భార్యే. పిల్లలుంటే భార్యలంతా కలిసి ఎనిమిదో వంతు పంచుకోవాలి. ఇద్దరి పిల్లలూ తండ్రికి పిల్లలే, కొడుక్కి రెండు పాళ్లు కూతురికి ఒక పాలు. కానీ భార్య వెంట వచ్చిన పిల్లలకి మాలో కూడా వారసత్వం లేదు. అలాంటి పిల్లాడికి ఇవ్వాలనుకుంటే మూడో వంతు దాకా వీలునామా రాయొచ్చు, మా మేనమామ అలాగే రాశాడు. మీ నాన్నగారు రాసి ఉంటే బాగుండేది చెల్లెమ్మా.

చిన్నింటి_పిల్ల
అదే నా అసలు బాధ. అన్నయ్య ఆ ఆరుగురిలో లేడు. వాడి సర్టిఫికెట్లలో, ఆధార్లో, రేషను కార్డులో తండ్రి పేరు నాన్నదే. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో కూడా వాడి పేరుంది. అదైనా పనికిరాదా?

అమ్మాజీ
పేరుంటే ఉన్నట్టే కదా. సర్కారు వాళ్లే కొడుకని రాసిచ్చారు.

ప్లీడరు_గుమస్తా
కాదమ్మా. ఆ ధ్రువపత్రం కుటుంబంలో ఎవరున్నారో చెబుతుంది, వారసుడెవరో తేల్చదు. తహసీల్దారుకి ఆ అధికారం లేదు. స్కూలు కాగితంలో తండ్రి పేరు కూడా అంతే. పిల్లాడికి సవతి తండ్రి ఇంటిపేరు పెట్టుకునే హక్కు తల్లికి ఉందని 2022లో సుప్రీంకోర్టు మన ఆంధ్రా కేసులోనే చెప్పింది. ఇంటిపేరు పెట్టుకోవచ్చు, ఆస్తి మాత్రం దానివెంట రాదు.

కోనసీమ_కుర్రాడు
దత్తత తీసుకున్నట్టు కాగితం ఉంటే?

నల్లకోటు
మంచి ప్రశ్న. దత్తత నిజంగా జరిగి ఉంటే కొడుకుతో సమానం అయ్యేవాడు. కానీ ఈ కేసులో అదీ కుదరదు. హిందూ దత్తత చట్టంలో, సొంత కొడుకు బతికుండగా ఇంకో మగపిల్లాణ్ణి దత్తత తీసుకోకూడదు. 1994లో పెద్దమ్మ కొడుకు ఉన్నాడు. కాబట్టి ఎవరైనా ఇప్పుడు పాత తేదీ వేసి దత్తపత్రం పుట్టిద్దామంటే పొరపాటున కూడా ఒప్పుకోవద్దు. ఆ కాగితం చెల్లదు సరికదా, అబద్ధం బయటపడితే మీ ఇద్దరి కేసు కూడా పాడవుతుంది.

చిన్నింటి_పిల్ల
ఆ సలహా ఇప్పటికే ఒకాయన ఇచ్చాడు. వద్దన్నాం.

ప్లీడరు_గుమస్తా
మీ అన్నయ్య గురించి ఒక్క ప్రశ్న అడుగుతా, ఇంతసేపూ ఎవరూ అడగలేదు. వాణ్ణి కన్న తండ్రికి ఆస్తి ఏమైనా ఉందా?

చిన్నింటి_పిల్ల
వాళ్ల ఊళ్లో నాలుగెకరాలో ఎంతో ఉండేదని అమ్మ అంటుంది. ఆయన 1992లో పోయాడు. అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది కాబట్టి ఇక అటువైపు సంబంధం తెగిపోయిందని అనుకున్నాం. అక్కడ వాళ్ల బాబాయిలు సాగు చేసుకుంటున్నారు.

ప్లీడరు_గుమస్తా
ఏమీ తెగలేదు! తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే కొడుకు తండ్రికి కొడుకు కాకుండా పోతాడా? దత్తత వెళ్లలేదు కాబట్టి కన్నతండ్రి వైపు వాడి హక్కు మొత్తం ఉంది. అది పిత్రార్జితమైతే పుట్టుకతోనే భాగస్తుడు. ఇంకో సంగతి విను. మీ అమ్మకి కూడా అక్కడ వాటా ఉంది. మొదటి భర్త పోయిన రోజే ఆమెకి వాటా వచ్చేసింది. తర్వాత పెళ్లి చేసుకుంటే అది వెనక్కి పోదు. మీ నాన్న ఆస్తిలో ఏమీ రాని ఇద్దరికి అక్కడ దారి ఉంది.

అమ్మాజీ
ఇది నాకు తెలీనే తెలీదు. మా ఇంట్లో కూడా ఒక కేసుంది ఇలాంటిది.

నల్లకోటు
గుమస్తా గారు చెప్పింది సరైనదే, కానీ ఒక జాగ్రత్త. ముప్పై ఏళ్లు దాటింది. బాబాయిలు ఊరికే సాగు చేసుకున్నంత మాత్రాన హక్కు పోదు, ఉమ్మడి ఆస్తిలో ఒకడి సాగు అందరి కోసమే అంటారు. కానీ "నీకు ఇందులో ఏమీ లేదు పో" అని ఎప్పుడైనా తెగేసి చెప్పి ఉంటే, ఆ సంగతి తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్ల గడువు మొదలవుతుంది. అలాంటి మాట ఎప్పుడు, ఎవరి ముందు జరిగిందో అమ్మని అడిగి తేదీతో సహా రాసుకోండి. ఈసీ తీసి అమ్మకాలేమైనా జరిగాయేమో చూడండి.

లా_చదువుతున్నా
చిన్నింటి_పిల్లకి ఇంకో దారి లేదా? ఆ తొమ్మిది ఎకరాలు పిత్రార్జితం కాదు, నాన్న సొంతం అని వాదిస్తే? అప్పుడు నేరుగా ఆరుగురికి పంచితే తలా ఒకటిన్నర ఎకరం వస్తుంది.

నల్లకోటు
ఇప్పుడు నువ్వు సరైన చోట చెయ్యి పెట్టావు. ఇలాంటి కేసుల్లో అసలు యుద్ధం ఇక్కడే జరుగుతుంది. పెద్దింటి వాళ్లు పిత్రార్జితం అంటారు, చిన్నింటి వాళ్లు స్వార్జితం అంటారు. ఆ ఒక్క మాటతో అర ఎకరం ఒకటిన్నర అవుతుంది. కానీ ఇక్కడ 1983 పంపకాల దస్తావేజు ఉంది. తాత, కొడుకులు ఉమ్మడి ఆస్తిని పంచుకున్నారని దాంట్లో రాసి ఉంటే, నాన్నకి వచ్చింది ఆయన పిల్లల దృష్టిలో పిత్రార్జితమే. ఆ దస్తావేజు మొదటి పేజీల్లో ఆస్తి తాతకి ఎలా వచ్చిందో రాస్తారు, అది చదవాలి. తాత స్వయంగా కొన్న భూమిని కొడుకులకి పంచి ఇచ్చాడని ఉంటే కథ మారొచ్చు.

కోనసీమ_కుర్రాడు
మా తాత కొన్న భూమి ఉంది. ఆయన 1990లో వీలునామా లేకుండా పోయాడు, తర్వాత నాన్న పేరు మీదికి వచ్చింది. తాత నుంచి వచ్చింది కాబట్టి పిత్రార్జితమే కదా?

నల్లకోటు
అందరూ పడే పొరపాటు ఇదే. తాత సొంతంగా కొన్నది, 1956 తర్వాత ఆయన పోతే మీ నాన్నకి వారసుడిగా వచ్చింది. అది నాన్న చేతిలో ఆయన సొంత ఆస్తే. 1986లో చందర్ సేన్ కేసు దగ్గర్నుంచీ కోర్టులు ఇదే చెబుతున్నాయి. తాత పేరు కాగితంలో కనిపించగానే పిత్రార్జితం అయిపోదు. నీ విషయంలో దానివల్ల ఇబ్బందేమీ లేదు, పిన్నికీ పిల్లలందరికీ సమానం. కానీ నాన్న దాన్ని పిన్ని పేర రిజిస్టరు చేసి ఉంటే మాత్రం నీకు అడగడానికి మిగలదు. ఈసీ తీయి.

కోనసీమ_కుర్రాడు
పిన్నికి వచ్చిన వాటా ఆవిడ తర్వాత మాకు కూడా వస్తుందా?

నల్లకోటు
ఆవిడకి సొంత పిల్లలున్నారు కాబట్టి రాదు. స్త్రీ ఆస్తికి "కొడుకు, కూతురు" అంటే ఆమె కన్నవాళ్లే, సవతి పిల్లలు కారు. ఆవిడకి పిల్లలు లేకపోయి ఉంటే భర్త నుంచి వచ్చిన ఆస్తి భర్త వారసులకి, అంటే నీకు తిరిగొచ్చేది.

సర్వేరాయి
చిన్నింటి_పిల్లకి నాదో మాట. చట్టం ప్రకారం వచ్చేది తెలుసుకున్నారు, బాగుంది. కానీ కోర్టు అంటే పది పదిహేనేళ్లు. లోక్ అదాలత్‌లో కూర్చుని ముప్పై అయిదు నలభైకి తెంచుకుంటే మేలేమో. మా అక్క వాళ్ల పంపకాల కేసు ఇంకా నడుస్తోంది, వకీలు మూడోసారి మారాడు.

ప్లీడరు_గుమస్తా
రాజీకి నేను వ్యతిరేకం కాదు. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అందుకే సరైన అంకె తెలిశాకే కూర్చోవాలి. నా అనుభవంలో దావా నంబరు పడ్డాకే అవతలివాళ్లు మర్యాదగా మాట్లాడతారు. నంబరు పడకుండా వెళ్తే ఎనిమిది పదవుతుంది, అంతే.

సర్వేరాయి
మీరు కోర్టు మనిషి, అలాగే అంటారు. అందరికీ అంత ఓపిక ఉండదు.

నల్లకోటు
ఒక్కటి అడగడం మర్చిపోయాను. గుళ్లో పెళ్లికి ఆధారం ఏముంది? 16వ సెక్షన్ పనిచేయాలంటే పెళ్లి తంతు జరిగిందని చూపాలి. చెల్లని పెళ్లయినా పెళ్లంటూ జరగాలి. "అసలు పెళ్లే కాలేదు, ఊరికే కలిసి ఉన్నారు" అని అవతలి వకీలు మొదటి మాటే అంటాడు.

చిన్నింటి_పిల్ల
తాళి కట్టే ఫోటో ఉంది, తలంబ్రాలదీ ఉంది. పూజారి గారు లేరు, ఆయన కొడుకు ఉన్నాడు. నా పుట్టిన ధ్రువపత్రం, తమ్ముడిదీ, ఇద్దరివీ నాన్న పేరుతోనే. నాన్న ఆఫీసులో ఇచ్చిన కుటుంబ వివరాల్లో మా పేర్లున్నాయని విన్నాను.

నల్లకోటు
చాలా మంచి ఆధారాలు. ఆఫీసు కాగితం నకలు తెప్పించండి, తండ్రి స్వయంగా ఒప్పుకున్నట్టు అది. పెళ్లికి వచ్చినవాళ్లలో బతికున్న ఇద్దరి పేర్లు రాసిపెట్టుకోండి.

డిపాజిట్ సంగతి కూడా చెప్తాను. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు తీసుకునేవాడు, సొంతదారు కాదు. పెద్దమ్మ కొడుకు తీసుకున్నా ఆరుగురికీ లెక్క చెప్పాలి.

పెద్దింటి_కూతురు
నిన్న కోపంగా రాశాను. మా కేసులో కూడా ఆ పిల్లలకి ఇంత వాటా ఉందని మా వకీలు మాకు చెప్పలేదు, లేదా అమ్మకి చెప్పి ఉంటే నాకు తెలీదు. ఇంకా నాకు ఇది న్యాయంగా అనిపించడం లేదు. కానీ అబద్ధం చెప్పి సంతకాలు తీసుకోవడం కూడా న్యాయం కాదు, అది ఒప్పుకుంటాను.

చిన్నింటి_పిల్ల
ఈసీ తీశాం. పోయిన ఏడాది పెద్దమ్మ, పెద్దన్నయ్య, పెద్దక్క ముగ్గురూ కలిసి పెద్దన్నయ్య బావమరిదికి 7 ఎకరాల 50 సెంట్లు అమ్మినట్టు ఉంది. రోడ్డు పక్క ముక్క మొత్తం పోయింది. మిగిలింది వెనక, దారి లేని ఎకరంన్నర. ఇప్పుడేం చేయాలి?

ప్లీడరు_గుమస్తా
ఆగు, లెక్క చూడు. మూడున్నర, మూడున్నర, అర. సరిగ్గా ఏడున్నర! మిగిలిన ఎకరంన్నర నీది, మీ తమ్ముడిది, నాయనమ్మది. పెద్దమనుషుల దగ్గర మీకేమీ లేదని చెప్పినవాళ్లు రిజిస్ట్రారు ఆఫీసులో మాత్రం మీ వాటా వదిలి అమ్మారు. వాళ్ల వకీలు మనకంటే ముందే ఈ లెక్క కట్టాడు.

అమ్మాజీ
అమ్మో!

నల్లకోటు
ఆ దస్తావేజు నకలు వెంటనే తీసుకోండి, మీకు పనికొచ్చే మంచి సాక్ష్యం అది. వాళ్ల వాటా వాళ్లు అమ్ముకోవచ్చు, విస్తీర్ణంలో తప్పు లేదు. కానీ పంపకం కాకుండా ఫలానా ముక్క నాదే అని హద్దులు వేసి అమ్మితే అది మిమ్మల్ని కట్టిపడేయదు. పంపకాల దావా వేసి కొన్నవాణ్ణి కూడా ప్రతివాదిగా చేర్చండి. రోడ్డు విలువ, దారి రెండూ లెక్కలోకి తీసుకుని ముక్కలు చేయమని కమిషనర్ను అడగొచ్చు. కొన్నవాడు ఇల్లు కట్టేసి ఉంటే కోర్టు అతని వైపు కొంత మొగ్గు చూపొచ్చు, అది ముందే చెప్పలేను. దావాతో పాటే, ఇంకొకరికి అమ్మకుండా, కట్టడాలు కట్టకుండా తాత్కాలిక ఉత్తర్వు అడగండి.

సర్వేరాయి
సరే, నా రాజీ మాట వెనక్కి తీసుకుంటున్నా. ముందు దావా నంబరు పడాలి.

చిన్నింటి_పిల్ల
సోమవారం వకీలుని కలుస్తున్నాం. తమ్ముడూ నేనూ ఒక మాట అనుకున్నాం. మా ఇద్దరికి వచ్చినదాన్ని ముగ్గురం పంచుకుంటాం, అన్నయ్య వాటా వాడి పేరున దానపత్రం రాసిస్తాం. వాడు ఒప్పుకోవడం లేదు, అది ఇంట్లో తేల్చుకుంటాం.

నాయనమ్మ వాటా మాటేమిటి? ఆవిడ మా దగ్గరే ఉంటోంది.

ప్లీడరు_గుమస్తా
ఆవిడ వీలునామా లేకుండా పోతే ఆ అర ఎకరం, ఇంట్లో ఆరో వంతు మీకు రావు. మీ హక్కు తల్లిదండ్రుల ఆస్తి వరకే కదా, నాయనమ్మ ఆస్తి ఆ గీత అవతల ఉంది. మీ బాబాయికీ పెద్దమ్మ పిల్లలకీ పోతుంది. ఆవిడ ఇష్టపడితే మాత్రం తన వాటా ఎవరికైనా రాయొచ్చు, మీ అన్నయ్యకి కూడా.

చిన్నింటి_పిల్ల
ఆవిడ్ని అడగడానికి నాకు నోరు రాదు.

రఫీ_కర్నూలు
నువ్వు అడగొద్దు చెల్లెమ్మా. ఇప్పుడు చెప్పిన చట్టం సంగతి ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పు. ఆ తర్వాత ఆవిడ ఇష్టం.

నల్లకోటు
రాస్తే రిజిస్టరు చేయించండి, డాక్టరు చేత ఆరోగ్యం బాగుందని రాయించుకోండి. సాక్షులు మీ ఇంటివాళ్లు కాకుండా చూసుకోండి.